గది మూలలో పొడుచుకొచ్చే పిల్లర్

ఇల్లు పూర్తయ్యాక బీరువా గోడకు ఆనకపోతే తప్పు వడ్రంగిది కాదు, చాలాసార్లు పిల్లర్‌ది. చిన్న ఇళ్లలో బయటి గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. పిల్లర్ సాధారణంగా 9×12. దాన్ని 9 అంగుళాల గోడలో పొడవు వైపు గోడ వెంట పెడితే కనిపించకుండా కలిసిపోతుంది. అడ్డంగా తిప్పితే 3 అంగుళాలు గదిలోకి వస్తుంది.

చిక్కంతా లోపలి గోడతోనే. ఎలా తిప్పినా కనీసం నాలుగున్నర అంగుళాలు బయటికి రావాల్సిందే. ఆ పొడుపు ఎటు రావాలన్నదే మన చేతిలో ఉంది.

20×30 అడుగుల స్థలంలో హాలుకూ పడకగదికీ మధ్య ఒక పిల్లర్ వచ్చిందనుకుందాం. గోడను హాలు వైపు పిల్లర్ ముఖానికి సమంగా కట్టాలి. అప్పుడు హాలు చదునుగా ఉంటుంది, పొడుపంతా పడకగదిలోకి పోతుంది. అక్కడ రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ వస్తే అది అందులోనే దాగుతుంది. పైన 9 అంగుళాల దూలమూ అటువైపే దిగుతుంది కాబట్టి వార్డ్‌రోబ్‌ను సీలింగ్ దాకా కట్టిస్తే రెండూ కనబడవు.

అందుకే మంచం, తలుపులు, బీరువాలు ముందు గీసి, ఆ తర్వాతే పిల్లర్లు గుర్తు పెట్టించాలి.

అయితే అన్నింటినీ ఒకే దిశలో తిప్పితే రెండో దిశలో ఇల్లు బలహీనపడవచ్చు. భూకంప నిబంధనల ప్రకారం ఇంజనీరు 12 అంగుళాల వెడల్పు అడిగితే, అందం కోసం తగ్గించమని మేస్త్రీని మాత్రం అడగకండి.