ఒక్కొక్కరికి ఒక్క వాక్యం

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, సాంస్కృతిక, క్రీడా కార్యదర్శులు ఉంటారు. ఇంతమంది ఘనతలూ చదువుతూ కూర్చుంటే ప్రమాణ స్వీకారం కాస్తా సన్మాన సభ అవుతుంది.

పేరు, చదివే విభాగం, చూసే పని చెబితే చాలు. "క్రీడా కార్యదర్శి, చరిత్ర ఎం.ఏ. రెండో ఏడాది, మైదానం వేళలు ఈమెను అడగండి" అన్నారనుకోండి, వినేవాళ్లకు పనికొచ్చేది ఆ చివరి ముక్కే.

తర్వాత ఉమ్మడి ప్రమాణం. చదివించేవారు చిన్న చిన్న ముక్కలుగా పలకాలి. వాక్యం పొడుగైతే ఆరు గొంతులూ ఆరు దారులు పడతాయి. "సంఘం డబ్బుకు లెక్క చూపుతాను. నాకు ఓటెయ్యనివారి పనీ చేస్తాను."

లెక్క మాట ఊరికే కాదు. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. ఫలితాలొచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేయించిన లెక్కలివ్వాలి. ఇవ్వకపోతే ఎన్నికే రద్దవుతుంది.