సరిచూడటం వేరు, ఆనవాలు పట్టడం వేరు

అపోహలు – వాస్తవాలు

గుడివాడలో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి నవంబరు నెలలో ఇంట్లోనే కూర్చుని, మనవడి ఫోనులో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేయగలరు. అదే గుడివాడ స్టేషన్లో సీసీ కెమెరాకు ఎవరిదో ముఖం చిక్కితే, ‘ఇతనెవరు’ అని కంప్యూటర్‌ను అడగనూ వచ్చు. రెండు చోట్లా కెమెరాయే, రెండు చోట్లా ముఖమే. అందుకే చాలామంది ఈ రెంటినీ ఒకే పని అనుకుంటారు. మొదటిదాన్ని నమ్మినంతగా రెండోదాన్నీ నమ్ముతారు, లేదా రెండోదంటే ఉన్న భయంతో మొదటిదానికీ దూరంగా ఉంటారు. ఈ రెండు పనుల మధ్య తేడా తెలియకపోతే సామాన్యుడు నష్టపోయే సందర్భాలున్నాయి.

అపోహ 1: సెల్ఫీ తీయగానే కంప్యూటర్ దేశంలోని ముఖాలన్నీ వెతికి మనల్ని పట్టుకుంటుంది.

వాస్తవం: సెల్ఫీ ధ్రువీకరణలో వెతుకులాటే ఉండదు. ఆ రైల్వే పెన్షనర్ విషయమే చూద్దాం. ముఖంతో జీవన్ ప్రమాణ్ ఇచ్చే పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. ఫోనులో Jeevan Pramaan, AadhaarFaceRD అనే రెండు యాప్‌లు ఉండాలి. ముందుగా ఆధార్ నంబరు, పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. ఆ తర్వాతే కెమెరా తెరుచుకుంటుంది. కనురెప్ప వేయమంటుంది. ఫోనుకు చూపించింది కాగితం మీది ఫోటో కాదు, ఎదురుగా బతికున్న మనిషే ఉన్నాడని తేల్చుకోవడానికే అది. ఆ చిత్రం ఎవరూ చదవలేని రూపంలో ఆధార్ సంస్థకు చేరుతుంది.

అక్కడ జరిగేది ఒకే ఒక్క పోలిక. ఆధార్ నంబరు ముందే ఇచ్చారు కాబట్టి ఎవరి రికార్డు తెరవాలో కంప్యూటర్‌కు తెలుసు. ఆ రికార్డులోని ముఖమూ, ఇప్పుడు వచ్చిన ముఖమూ ఒకరివేనా అని చూసి ‘అవును’ లేదా ‘కాదు’ అంటుంది. ‘నేను ఫలానా’ అని మనిషి ముందే చెప్పుకున్నాడు, యంత్రం ఆ మాటను సరిచూసింది. తానెవరో చెప్పని మనిషి ముఖం చూసి పేరు చెప్పమంటే మాత్రం అది ఆనవాలు పట్టడం. అప్పుడు తెరవాల్సింది ఒక్క రికార్డు కాదు, జాబితాలోని రికార్డులన్నీ.

అపోహ 2: సెల్ఫీలో పొరపాటు పడని యంత్రం, కెమెరాకు చిక్కిన ముఖాన్నీ అంతే కచ్చితంగా చెబుతుంది.

వాస్తవం: యంత్రం అదే అయినా, పోలికలు పెరిగిన కొద్దీ పొరపాట్లు పెరుగుతాయి. యంత్రం ముఖాన్ని అంకెల వరుసగా మార్చుకుంటుంది. రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక మార్కు వేస్తుంది. ఆ మార్కు ముందుగా పెట్టుకున్న గీత దాటితే ‘సరిపోయింది’ అంటుంది. ఇద్దరు వేర్వేరు మనుషులు కూడా అప్పుడప్పుడు ఆ గీత దాటుతారు. లెక్క కోసం, ఒక యంత్రం పదివేల పోలికల్లో ఒకసారి ఇలా తప్పుతుందని అనుకుందాం.

పెన్షనర్ స్థానంలో వేరే ఎవరో కూర్చుంటే, ఆ యంత్రం మోసపోయే అవకాశం పదివేలలో ఒక వంతు. లైఫ్ సర్టిఫికెట్ పనికి అది చాలా మంచి రక్షణ. ఇప్పుడు అదే యంత్రానికి స్టేషన్ కెమెరాలోని తెలియని ముఖాన్ని ఇచ్చి, గుడివాడ పట్టణంలో అందరి ఫోటోలతో పోల్చమన్నామనుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా లక్షా 18 వేల పైచిలుకు. అన్ని పోలికలు చేస్తే దాదాపు పన్నెండు మంది అమాయకుల పేర్లు బయటికొస్తాయి. అసలు మనిషి గుడివాడవాడే కాకపోయినా ఆ పన్నెండు పేర్లు వస్తాయి. జాబితా జిల్లా అంత పెద్దదైతే వాటి సంఖ్య వందల్లోకి వెళుతుంది.

గీతను ఇంకా పైకి జరిపితే తప్పుడు పేర్లు తగ్గుతాయి. కానీ స్టేషన్ కెమెరాకు ముఖం పక్కనుంచి, పైనుంచి, మసక వెలుతురులో దొరుకుతుంది. అలాంటి బొమ్మకు అసలు మనిషి ఫోటోతో పోల్చినా తక్కువ మార్కే వస్తుంది. గీత పైకి జరిపితే అతను కూడా జారిపోతాడు. సెల్ఫీలో ఈ చిక్కు చాలా తక్కువ. అక్కడ మనిషి తానుగా వెలుతురులో నిలబడి, సూటిగా చూసి, కుదరకపోతే మళ్లీ ప్రయత్నిస్తాడు.

అపోహ 3: సెల్ఫీ, కార్డు ఫోటో సరిపోయాయంటే మోసానికి తావు లేదు.

వాస్తవం: సరిచూసే యంత్రానికి ఇచ్చిన ప్రశ్న ఒక్కటే: ఈ రెండు ముఖాలూ ఒకటేనా? కార్డు అసలుదా, దాని మీది పేరు ఆ మనిషిదేనా అన్నది ఆ ప్రశ్నలో లేదు. దొంగ కార్డు మీద తన ఫోటోయే పెట్టుకొచ్చినవాడి ముఖం, కార్డుతో చక్కగా సరిపోతుంది. అదే ముఖంతో అతను నిన్న వేరే పేరు మీద వచ్చాడా అన్నది కూడా ఆ ప్రశ్నలో లేదు.

దీనికి మన పక్కనే ఉదాహరణ ఉంది. ఒకే వ్యక్తి ఫోటోతో 658 సిమ్ కార్డులు జారీ అయినట్టు 2023 ఆగస్టులో విజయవాడలో బయటపడింది. నిబంధన ప్రకారం ఒకరి పేరు మీద తొమ్మిదికి మించి సిమ్‌లు ఉండకూడదు. ఒక్కో దరఖాస్తును విడిగా తీసుకుని, అందులోని ముఖమూ కార్డు మీది ముఖమూ ఒకటేనా అని చూసినంతకాలం ఇది దొరకదు. 658 దరఖాస్తులను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఒకే ముఖం మళ్లీ మళ్లీ వస్తోందని తెలుస్తుంది.

ఆ పని చేసింది టెలికాం శాఖ తయారు చేయించిన ‘ఆస్టర్’ అనే వ్యవస్థ. అది సిమ్ దరఖాస్తుల్లోని ముఖాలను ఒకదానితో ఒకటి పోల్చి, ఒకేలా ఉన్నవాటిని గుంపులుగా చేరుస్తుంది. ఆ గుంపులో వేర్వేరు పేర్లు కనిపిస్తే అనుమానం మొదలవుతుంది. 2023 మే నాటికి దేశంలో 87 కోట్ల కనెక్షన్లను ఇలా జల్లెడ పట్టినట్టు, 40 లక్షలకు పైగా అనుమానాస్పదంగా తేలినట్టు ప్రభుత్వం ప్రకటించింది. అనుమానం వచ్చిన నంబరును అక్కడికక్కడే దొంగదని తేల్చేయరు. టెలికాం కంపెనీ ద్వారా మళ్లీ ధ్రువీకరణ అడుగుతారు, నిలబడని కనెక్షన్లను తీసేస్తారు. అప్పటికి తీసేసినవి 36 లక్షల పైచిలుకు.

ఇక్కడ గమనించాల్సింది ఆ వరుస. కోట్ల ముఖాల్లో వెతికే యంత్రం అనుమానితులను చూపించింది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా సరిచూశారు. మొదటి పని ఎంత గొప్పగా చేసినా, రెండో పని లేకుండా అది న్యాయంగా పూర్తి కాదు.

అపోహ 4: ఆధార్‌లో అందరి ఫోటోలూ ఉన్నాయి కాబట్టి, పోలీసులు ఏ ముఖాన్నయినా అందులో వేసి పేరు లాగేస్తారు.

వాస్తవం: ఆధార్ చట్టం దానికి దారి ఇవ్వదు. వేలిముద్రలు, కనుపాప ముద్రలు ఎవరికీ, ఏ కారణంతోనూ ఇవ్వకూడదని 29వ సెక్షన్ చెబుతోంది. ఒక వ్యక్తి గుర్తింపు వివరాలు కావాలన్నా, జాతీయ భద్రత సందర్భాన్ని మినహాయిస్తే, హైకోర్టు న్యాయమూర్తి స్థాయికి తగ్గని ఉత్తర్వు ఉండాలి. చట్టం రాకముందే ఈ ప్రశ్న ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గోవాలో ఒక బాలికపై జరిగిన అత్యాచారం కేసులో, నిందితుణ్ణి పట్టుకోవడానికి రాష్ట్రంలో నమోదైన వారందరి బయోమెట్రిక్ వివరాలు కావాలని సీబీఐ కోరింది. ఆధార్ సంస్థ వ్యతిరేకించింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆ అప్పగింతను ఆపింది. నేరం ఎంత ఘోరమైనదైనా, ఒక పని కోసం ఇచ్చిన వివరాలతో ఊరందరినీ అనుమానితుల వరుసలో నిలబెట్టడం వేరే పని.

అయితే పోలీసుల దగ్గర సొంత ఫోటో జాబితాలున్నాయి. తెలంగాణ పోలీసులు 2018లోనే తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపును చేర్చారు. 2021 మే లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్ పోలీసులు రోడ్డు మీద మాస్కు తీయించి తన ఫోటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. ఆధార్ భయం కంటే ఈ జాబితాల్లోకి ఎవరి ఫోటో, ఏ కారణంతో, ఎంతకాలం చేరుతుందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

అపోహ 5: ‘90 శాతం సరిపోయింది’ అంటే 90 శాతం అతనే.

వాస్తవం: ఆ అంకె రెండు బొమ్మల పోలికకు వేసిన మార్కు మాత్రమే. అతనే నేరస్తుడనే అవకాశానికి కొలత కాదు. జాబితాలో అసలు మనిషి లేకపోయినా, ఉన్నవాళ్లలో దగ్గరగా ఉన్నవాడికి మొదటి స్థానం దక్కుతుంది.

అమెరికాలోని డెట్రాయిట్‌లో జరిగింది ఇదే. 2018లో ఒక దుకాణంలో గడియారాలు దొంగతనమయ్యాయి. సీసీ కెమెరాలోని మసక చిత్రాన్ని యంత్రానికి ఇస్తే, రాబర్ట్ విలియమ్స్ పాత డ్రైవింగ్ లైసెన్సు ఫోటోను చూపించింది. 2020 జనవరిలో అతన్ని ఇంటి ముందే, భార్యాబిడ్డలు చూస్తుండగా అరెస్టు చేశారు. ఆ దొంగ అతను కాదు. 2024లో కుదిరిన రాజీలో, ముఖ గుర్తింపు ఫలితం ఒక్కదాని ఆధారంగా ఎవరినీ అరెస్టు చేయబోమని అక్కడి పోలీసులు ఒప్పుకున్నారు. లైసెన్సు కోసం తీయించుకున్న ఫోటో, అతనికి తెలియకుండానే నేరస్తుణ్ణి వెతికే జాబితాలో భాగమైంది.

పాఠకులకు మూడు మాటలు. లైఫ్ సర్టిఫికెట్‌కు ముఖం సరిపోకపోతే కంగారు పడొద్దు. వెలుతురుకు ఎదురుగా కూర్చుని మళ్లీ ప్రయత్నించండి, ఆధార్ ఫోటో ఏళ్ల నాటిదైతే ఆధార్ కేంద్రంలో మార్పించుకోండి. వేలిముద్ర, కనుపాప పద్ధతులతో పాటు బ్యాంకులో కాగితం మీద ఇచ్చే దారీ ఉంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో sancharsaathi.gov.in లో చూసుకోండి, మీవి కానివాటిని అక్కడే తెలియజేయండి. ఇక ఎవరినైనా ‘కంప్యూటర్ గుర్తుపట్టింది’ అని పట్టుకున్నారని వింటే, ఎంతమంది ఫోటోల్లో వెతికారు, ఆ ఫలితం కాక వేరే సాక్ష్యం ఏముంది అని అడగండి. ‘నేనే’ అని మనం చెప్పిన మాటను యంత్రం ధ్రువీకరిస్తే అది రుజువుగా పనికొస్తుంది. ‘వీడే’ అని యంత్రం తానుగా చెప్పింది దర్యాప్తుకు ఆరంభం మాత్రమే, తీర్పు కాదు.