ఆదివారం నాటి వెన్న

అమెరికాలో మే నెల రెండో ఆదివారం మాతృదినోత్సవం. పశ్చిమ వర్జీనియాలోని గ్రాఫ్టన్ అనే చిన్న ఊళ్ళో 1908లో జరిగిన ఒక చర్చి ప్రార్థనతో ఇది మొదలైంది. చనిపోయిన తన తల్లిని తలుచుకోవడానికి అన్నా జార్విస్ అనే ఆవిడ ఆ ప్రార్థన ఏర్పాటు చేయించింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ ఆ రోజును దేశమంతటికీ ప్రకటించాడు. తరవాత్తరవాత ఇది కార్డుల పండగగా మారిపోతే జార్విస్ సహించలేకపోయింది. అచ్చేసిన కార్డు కొని పంపే బదులు అమ్మకి నీ చేత్తో ఓ ఉత్తరం రాయొచ్చు కదా అనేది. ఆ మాట నాకు నచ్చుతుంది. అందుకే మా అమ్మ ఆదివారం గురించి రాస్తున్నాను. మా ఇంట్లో ఆదివారమంటే వెన్న తీసే రోజు.

మాది తెనాలి దగ్గర పల్లె. పొద్దున్నే పక్కింటి వాళ్ళు గేదె పాలు పోసి వెళ్ళేవారు. అమ్మ వాటిని పొంగించి అంతటితో దించేది కాదు, సన్నని సెగ మీద ఇంకాసేపు మరగనిచ్చేది. చల్లారాక పైన మందంగా మీగడ కట్టేది. దాన్ని గరిటెతో మెల్లగా జరిపి, తోడు వేసిన గిన్నెలోకి తీసేది. అలా వారమంతా చేరిన పుల్లటి మీగడని ఆదివారం పొద్దున చిలికేది. గేదె పాలలో వెన్న శాతం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. ఆవు పాలలో అయితే మూడున్నర, నాలుగు. ఇంటికి లీటరు పాలే పోయించుకున్నా వారం తిరిగేసరికి నెయ్యి కొనాల్సిన పని లేకపోవడానికి కారణం అదే.

చికాగో వచ్చిన కొత్తలో ఇక్కడి పాలతోనూ ఇదంతా చేద్దామని కూర్చున్నాను. గాలన్ డబ్బాలో పాలు చిక్కగానే కనిపించాయి. కాచాను, చల్లార్చాను. పైన పల్చటి పొర ఒకటి కట్టింది గానీ అది మీగడ కాదు. గరిటెతో తీస్తే కాగితంలా లేచి వచ్చింది. ఫోన్లో అమ్మకి చెబితే, "సెగ ఎక్కువ పెట్టుంటావ్. సన్నగా కాచు, రాత్రంతా కదపకుండా వదిలెయ్" అంది. అలాగే చేశాను, అయినా మీగడ కట్టలేదు. అమ్మ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పాలే వేరు.

ఇక్కడి పాలడబ్బాల మీద హోమోజినైజ్డ్ అని రాసి ఉంటుంది. పాలలో కొవ్వు కంటికి కనపడని చిన్న చిన్న బిందువులుగా తేలుతూ ఉంటుంది. అది నీటికంటే తేలిక కాబట్టి, కదపకుండా ఉంచితే మెల్లగా పైకి చేరుతుంది. మీగడ పుట్టేది అలాగే. పాలని గట్టి ఒత్తిడితో సన్నని సందులోంచి పంపితే ఆ బిందువులు చితికి మరీ చిన్నవైపోతాయి, పాలలో ఉన్న మాంసకృత్తులు వాటి చుట్టూ అంటుకుంటాయి. ఇక అవి పైకి తేలవు. ఈ యంత్రానికి ఫ్రాన్సులో ఓగుస్త్ గోలాఁ అనే ఆయన 1899లో పేటెంటు తీసుకున్నాడు. డబ్బాలో పాలు అడుగు నుంచి పై దాకా ఒకే చిక్కదనంతో ఉండాలన్నది దాని ఉద్దేశం. నేను చూసిన పొర, కాగేటప్పుడు పైన గట్టిపడిన మాంసకృత్తులది. ఆ పాలని నాలుగు గంటలు కాచినా మీగడ రాదు.

ఈ సంగతి వివరిస్తే అమ్మ ఆశ్చర్యపోలేదు. ముందు జాలిపడింది. "పాలని అంత హింస పెడతారా" అంది. తరవాత వెంటనే పనిలో పడింది. "మీగడ విడిగా అమ్ముతారా?" అని అడిగింది. అమ్ముతారు. హెవీ క్రీమ్ అన్న పేరుతో అమ్మాలంటే అందులో కనీసం 36 శాతం కొవ్వు ఉండాలని ఇక్కడి చట్టం. "అయితే అది తోడెయ్. పుల్లనవ్వకుండా చిలికితే వెన్న వస్తుంది కానీ కమ్మదనం రాదు" అంది.

అందుకని ముందు తోడు సంగతి చూడాల్సి వచ్చింది. అమ్మ దగ్గర ఉష్ణమాపకం లేదు. ఆవిడ కొలత చిటికెన వేలు. "పాలలో వేలు పెట్టు. చురుక్కుమంటే ఆగు. వేలికి ఏమీ తెలియకపోతే చల్లారిపోయినట్టు, మళ్ళీ వెచ్చబెట్టు. వెచ్చగా హాయిగా ఉంటే తోడెయ్." ఒకసారి సరదాగా ఉష్ణమాపకం పెట్టి చూశాను. అమ్మ చెప్పిన ఆ హాయి నలభై డిగ్రీల పైన ఒకటి రెండు దగ్గర ఉంది. పెరుగుని తోడుకునేలా చేసే సూక్ష్మజీవులకి సరిగ్గా ఆ వేడే ఇష్టం. ఇంకా వేడిగా ఉన్నప్పుడు తోడేస్తే అవి చచ్చిపోతాయి, పొద్దున లేచి చూస్తే పాలు పాలలాగే ఉంటాయి. మరీ చల్లగా ఉంటే తోడుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా వేరే రకాల జీవులు బలపడతాయి. అప్పుడు గరిటె పెట్టి ఎత్తితే పెరుగు తీగలా సాగుతుంది. చలికాలంలో మా వంటింట్లో ఇది తరచూ జరిగేది. గిన్నెని అవెన్ లోపల పెట్టి, అవెన్ వెలిగించకుండా దాని బల్బు ఒక్కటే వేసి ఉంచడంతో ఆ బాధ తీరింది. బల్బు వేడే చాలు. తెల్లారాక గిన్నెని కొద్దిగా వంచి చూడాలి. అంచు దగ్గర పెరుగు గిన్నెని వదిలి ముక్కలా కదిలితే తోడుకున్నట్టు. తోడుకునే దాకా మాత్రం గిన్నెని ముట్టుకోకూడదు. చిన్నప్పుడు పెరుగు గిన్నె పెట్టిన అరలోంచి ఇంకేం తీయబోయినా అమ్మ గదమాయించేది అందుకే. సగం తోడుకున్నప్పుడు కదిపితే కట్టిన అల్లిక తెగి, నీరు విడిపోతుంది.

క్రీమ్‌దీ అదే పద్ధతి. ఇక్కడ ఒక క్వార్టు, అంటే లీటరుకి కాస్త తక్కువ, గోరువెచ్చగా చేసి రెండు చెంచాల పెరుగు కలిపి రాత్రంతా ఉంచుతాను. పొద్దునకి చిక్కబడి పుల్లటి వాసన వస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి, బయటికి తీసి కాసేపయ్యాక చిలుకుతాను. ఈ చల్లదనం చాలా ముఖ్యం. వెన్న పడాలంటే కొవ్వు బిందువులు కొంత గట్టిగా, కొంత మెత్తగా ఉండాలి. అప్పుడే కవ్వం తగిలినప్పుడు వాటి పైపొర చిట్లి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మరీ వెచ్చగా ఉంటే కొవ్వు నూనెలా జారిపోతుంది, ముద్దకట్టదు. మరీ చల్లగా ఉంటే చెయ్యి నొప్పెట్టినా వెన్న రాదు. పదిహేను డిగ్రీల చుట్టుపక్కల బాగా పడుతుంది. మా అమ్మ ఎండాకాలం మజ్జిగలో కుండ నీళ్ళు పోసేది, మా ఇంటికి ఫ్రిజ్ వచ్చాక ఐసు ముక్కలు వేసేది. సంక్రాంతి చలిలో వేణ్ణీళ్ళు కలిపేది. నాకు అదంతా అలవాటుగానే కనిపించేది తప్ప, ఆ నీళ్ళతో ఆవిడ వేడిని సరిచేస్తోందని తోచలేదు.

వెన్న పడిందని అమ్మ చూసి చెప్పేది కాదు, విని చెప్పేది. పొయ్యి దగ్గర కూర తిప్పుతూ, వెనకనుంచి నేను కవ్వం తాడు లాగుతుంటే, "ఇక ఆపు, వచ్చేసింది" అనేది. చిక్కటి మీగడ చిలికినంతసేపూ చప్పుడు బరువుగా ఉంటుంది. వెన్న విడిపోగానే కింద పల్చటి మజ్జిగ మిగులుతుంది, చప్పుడు ఒక్కసారి తేలికై నీళ్ళ చప్పుడు అవుతుంది. ఇప్పుడు నేను కరెంటు బీటరు వాడుతున్నా ఆ మార్పు అలాగే వినిపిస్తుంది. అప్పటికీ ఆపకుండా తిప్పితే మజ్జిగ చుట్టూ చిమ్ముతుంది.

తీసిన వెన్నని అమ్మ చన్నీళ్ళలో వేసి పిసికి ఆ నీళ్ళు పారబోసేది. నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అలా కడిగేది. వెన్నలో మజ్జిగ మిగిలితే కాచినప్పుడు గసి ఎక్కువై మాడుతుంది. నెయ్యి కాచడం మాత్రం ఆవిడ నాకు చాలాకాలం అప్పగించలేదు. చివరి రెండు నిమిషాలు దగ్గర నిలబడాలి, మధ్యలో ఎవరు పిలిచినా పలకకూడదు. అదే ఆవిడ షరతు.

ఇక్కడ మొదటిసారి నెయ్యి కాచినప్పుడు ఫోను పొయ్యి పక్కన పెట్టమంది. "నువ్వు మాట్లాడకు, నన్ను విననీ" అంది. వెన్న కరిగి బుడబుడలాడింది. "అది నీళ్ళు పోవడం. అలాగే ఉండనీ." కాసేపటికి ఆ చప్పుడు తగ్గి సన్నటి చిటపటలు మిగిలాయి. "ఇప్పుడు సెగ తగ్గించి గసి రంగు చూడు." గసి ఇంకా లేత పసుపులో ఉంది. ఒక నిమిషం గడిచింది. చిటపటలు దాదాపు ఆగిపోయాయి, పైన సన్నటి తెల్లని నురగ లేచింది, గసి గోధుమరంగుకి తిరిగింది. ఆ రంగు చెప్పగానే "కట్టెయ్" అంది. ఎనిమిది వేల మైళ్ళ అవతల నుంచి, వాసన చూడకుండా, గిన్నె చూడకుండా మా అమ్మ నా చేత నెయ్యి దింపించింది.

చప్పుడుని అంతగా ఎందుకు నమ్మవచ్చో తరవాత అర్థమైంది. వెన్నలో నీళ్ళున్నంతసేపూ గిన్నె వేడి నీళ్ళు మరిగే స్థాయిని పెద్దగా దాటదు. నీళ్ళు పోగానే గబగబా పైకి ఎగబాకుతుంది, గసి ఎర్రబడేది అప్పుడే. నెయ్యి కమ్మదనం చాలావరకు ఆ ఎర్రబడటంలోంచే వస్తుంది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన. తొందరపడి ముందే దించితే లోపల తేమ మిగిలి, కొన్నాళ్ళకి ముక్క వాసన వేస్తుంది. దించాక కూడా గిన్నె వేడికి గసి ఇంకా వేగుతూనే ఉంటుంది కాబట్టి, కావలసిన రంగుకి కాస్త ముందే ఆపాలి. అమ్మ దించగానే నాలుగు మునగాకు రెమ్మలు వేసేది. అవి చిటచిటలాడి మంచి వాసనొచ్చేది. డెవాన్ అవెన్యూలో మన కొట్లకి వెళ్ళినప్పుడు మునగాకు దొరికితే తెస్తాను. లేకపోతే తమలపాకు వేస్తాను.

ఒక క్వార్టు క్రీమ్‌తో మూడొందల గ్రాముల దాకా నెయ్యి వస్తుంది. ఆవు పాలది కాబట్టి పచ్చగా ఉంటుంది. గేదె నెయ్యి తెల్లగా ఉండటం చూసి పెరిగిన నాకు ఆ రంగు అలవాటవడానికి కొంతకాలం పట్టింది. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టకుండా వంటింటి గట్టు మీదే వదిలేస్తే మెల్లగా చల్లారి పూసకడుతుంది. వేడి మీదే ఫ్రిజ్‌లో పెడితే పూస రాదు, మైనంలా గడ్డకడుతుంది.

అమ్మ ఇప్పుడు విజయవాడలో అపార్టుమెంటులో ఉంటోంది. ఇంటికి వచ్చేవి ప్యాకెట్ పాలు. కిందటేడు ఫోన్ చేసి, "ఈ పాలకీ మీగడ రావట్లేదే" అంది. ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపమన్నాను. హోమోజినైజ్డ్ అనే ఉంది. వారానికి రెండుసార్లు విడి గేదె పాలు తెచ్చిపోసే మనిషిని ఆవిడే వెతికి పెట్టుకుంది. మీగడ మళ్ళీ చేరుతోంది.

ఈ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ రాత్రి ఎనిమిదికి, ఫోన్ చేస్తానని చెప్పాను. ఏం పంపమంటావమ్మా అంటే ఏమీ వద్దంది. నెయ్యి కాస్తావా అని అడిగింది. కాస్తానన్నాను. "గసి పారెయ్యకు. గిన్నెలోనే కాస్త బెల్లం తురిమి కలిపి పిల్లలకి పెట్టు" అంది.