అద్దం వెనక్కి పంపే నాలుగు శాతం

మైనస్ ఆరు, మైనస్ ఏడు పవర్ ఉన్నవాళ్లు కళ్లద్దాల షాపుకు వెళ్తే ముందుగా అడిగేది పల్చటి లెన్స్. అంచులు లావుగా కనిపించకూడదు, ముక్కు మీద బరువు పడకూడదు. షాపువాళ్లు హై ఇండెక్స్ లెన్స్ తీసి చూపిస్తారు. చూపించి, ‘దీనికి యాంటీ గ్లేర్ కోటింగ్ తప్పనిసరి’ అంటారు. బిల్లు పెంచడానికే ఆ మాట అంటున్నారని చాలామంది అనుకుంటారు. కానీ దాని వెనుక చిన్న లెక్క ఒకటి ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన ఇంజినీరు ఆగస్టిన్ ఫ్రెనెల్ 1820ల్లో తేల్చిన లెక్క అది. లెన్స్ పల్చబడేకొద్దీ దాని మీద మెరుపు ఎందుకు పెరుగుతుందో అదే చెబుతుంది.

కాంతి విద్యుదయస్కాంత తరంగం. గాలి, గాజు, నీరు, ప్లాస్టిక్ వంటివి విద్యుత్తును ప్రవహించనివ్వవు కానీ కాంతిని పోనిస్తాయి. భౌతికశాస్త్రంలో వీటిని రోధకాలు లేదా డైఎలెక్ట్రిక్‌లు అంటారు. వీటిలో కాంతి వేగం తగ్గుతుంది. ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే సంఖ్యే వక్రీభవన గుణకం, దాన్ని n అని రాస్తారు. గాలికి ఇది దాదాపు 1, నీటికి 1.33, మామూలు గాజుకు 1.5. షాపుల్లో చెప్పే ‘ఇండెక్స్’ ఇదే. హై ఇండెక్స్ లెన్సుల్లో ఇది 1.6 నుంచి 1.74 దాకా ఉంటుంది. ఇండెక్స్ ఎక్కువైతే కాంతి ఎక్కువగా వంగుతుంది కాబట్టి అదే పవర్‌కు తక్కువ మందం సరిపోతుంది.

ఇప్పుడు కాంతి గాలిలోంచి వచ్చి గాజు మీద నిటారుగా పడిందనుకుందాం. దీన్ని లంబ పతనం అంటారు. గాజు ఉపరితలం దగ్గర తరంగం రెండుగా చీలుతుంది. ఒకటి వెనక్కి మళ్లుతుంది, రెండోది లోపలికి వెళుతుంది. వచ్చిన తరంగంలో విద్యుత్ క్షేత్రం బలాన్ని 1 అనుకుంటే, వెనక్కి మళ్లిన దాని బలం r, లోపలికి వెళ్లిన దాని బలం t. మొదటిది పరావర్తన గుణకం, రెండోది ప్రసార గుణకం. ఈ రెంటినీ కనుక్కోవడానికి రెండు షరతులు చాలు.

మొదటి షరతు విద్యుత్ క్షేత్రానిది. సరిహద్దుకు ఇటు పక్కా అటు పక్కా దాని విలువ ఒకటే ఉండాలి, మధ్యలో తెగిపోకూడదు. ఇటు పక్క వచ్చిన తరంగమూ మళ్లిన తరంగమూ రెండూ ఉన్నాయి, అటు పక్క లోపలికి వెళ్లినది ఒక్కటే ఉంది. కాబట్టి 1 + r = t. రెండో షరతు అయస్కాంత క్షేత్రానిది. అదీ తెగకూడదు. అయితే తరంగంలో అయస్కాంత క్షేత్రం బలం n మీద ఆధారపడుతుంది. పైగా వెనక్కి మళ్లిన తరంగం దిశ మారింది కాబట్టి దాని అయస్కాంత భాగం గుర్తు కూడా తిరగబడుతుంది. అందుకే ఇక్కడ n₁(1 − r) = n₂t అవుతుంది. ఈ రెంటినీ కలిపి సాధిస్తే వచ్చే ఫలితం ఇది:

r = (n₁ − n₂)/(n₁ + n₂)
t = 2n₁/(n₁ + n₂)

గాలికి 1, గాజుకు 1.5 వేస్తే r విలువ −0.2, t విలువ 0.8 వస్తాయి. r ముందున్న మైనస్‌కు అర్థం ఉంది. వెనక్కి మళ్లిన తరంగం తలకిందులవుతుంది, అంటే శిఖరం ఉండాల్సిన చోట లోయ వస్తుంది. తక్కువ ఇండెక్స్ నుంచి ఎక్కువ ఇండెక్స్ ఉన్న పదార్థం మీద పడినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. కంటికి ఈ తలకిందులు తెలియదు, కంటికి తెలిసేది శక్తి మాత్రమే. శక్తి క్షేత్రం బలానికి వర్గంలో ఉంటుంది కాబట్టి 0.2ను 0.2తో గుణిస్తే 0.04. గాజు మీద నిటారుగా పడిన కాంతిలో నాలుగు శాతం వెనక్కి వచ్చేస్తుంది.

మరి లోపలికి వెళ్లింది 96 శాతం ఉండాలి కదా? 0.8ని వర్గం చేస్తే 0.64 మాత్రమే వస్తుంది. ఇంటర్, బీటెక్ విద్యార్థులు తరచూ ఆగిపోయేది ఇక్కడే. 32 శాతం కాంతి ఎక్కడికీ పోలేదు. క్షేత్రం బలం ఒకటే అయినా, గాజులో ఉన్న తరంగం గాలిలో ఉన్నదానికన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ శక్తిని మోస్తుంది. అందుకని 0.64ను 1.5తో గుణించాలి. అప్పుడు 0.96 వస్తుంది, లెక్క సరిపోతుంది.

కాంతి గాజులోంచి గాలిలోకి బయటికొచ్చేటప్పటి అంకెలు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తాయి. అప్పుడు r విలువ +0.2, t విలువ 1.2. అంటే బయటికొచ్చిన తరంగంలో విద్యుత్ క్షేత్రం లోపలున్న దానికన్నా బలంగా ఉంటుంది. కానీ గాలిలో అదే బలం తక్కువ శక్తిని మోస్తుంది కాబట్టి 1.2 వర్గాన్ని, అంటే 1.44ను, 1.5తో భాగించాలి. మళ్లీ 0.96 వస్తుంది. కాంతి ఎటు నుంచి ఎటు వెళ్లినా వెనక్కి మళ్లేది అదే నాలుగు శాతం.

సూత్రంలో అసలు పని చేసేది రెండు ఇండెక్సుల మధ్య తేడా. తేడా తగ్గితే పరావర్తనం కూడా తగ్గిపోతుంది. గాజును నీళ్లలో పెడితే తేడా 1.5కు, 1.33కు మధ్యే కాబట్టి వెనక్కి మళ్లేది అర శాతం కూడా ఉండదు. నీళ్ల బకెట్‌లో పడిన గాజుపెంకు కంటికి ఆనకుండా చేతికి గుచ్చుకునేది ఇందుకే. ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజుకూ మందుల షాపులో దొరికే గ్లిజరిన్‌కూ ఇండెక్స్ దాదాపు ఒకటే, 1.47. గ్లిజరిన్ పోసిన గ్లాసులో అలాంటి గాజుకడ్డీ ముంచితే మునిగిన భాగం దాదాపు మాయమైపోతుంది. గాజు ఉందని కంటికి తెలిపేదే ఉపరితలం మీది పరావర్తనం, వక్రీభవనం. తేడా లేనప్పుడు ఆ రెండూ ఉండవు.

ఇక కళ్లద్దాల సంగతికి వద్దాం. 1.5 ఇండెక్స్ ఉన్న మామూలు ప్లాస్టిక్ లెన్స్‌లో ఒక్కో ముఖం నాలుగు శాతం కాంతిని తిప్పి పంపుతుంది. లెన్స్‌కు రెండు ముఖాలున్నాయి కాబట్టి మొత్తం సుమారు ఎనిమిది శాతం పోతుంది. 1.74 లెన్స్‌కు అదే సూత్రం వేస్తే ఒక్కో ముఖానికి 7.3 శాతం, రెంటికీ కలిపి దాదాపు 14 శాతం. ఎదుటివాళ్లకు కళ్ల బదులు ట్యూబ్‌లైట్ కనిపించేది ఈ కాంతి వల్లే.

వేసుకున్నవాళ్లకు మరో ఇబ్బంది రాత్రి ప్రయాణంలో ఎదురవుతుంది. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ కాంతిలో కొంత లెన్స్ వెనుక ముఖం దగ్గర మళ్లి, మళ్లీ ముందు ముఖం దగ్గర మళ్లి కంట్లో పడుతుంది. అసలు లైటు పక్కనే ఒక మసక నకలు కనిపిస్తుంది. రెండుసార్లు మళ్లాలి కాబట్టి మామూలు లెన్స్‌లో ఆ నకలు బలం ఆరు, ఏడు వందల్లో ఒక వంతే. 1.74 లెన్స్‌లో అది మూడు రెట్లు పెరుగుతుంది. చీకట్లో హెడ్‌లైట్ లాంటి తీవ్రమైన కాంతికి ఆ కొద్ది భాగమే చాలు, కన్ను చెదురుతుంది.

దీనికి విరుగుడు కూడా అదే సూత్రంలో ఉంది. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో లార్డ్ రేలీ, ఆ తర్వాత లెన్సులు తయారుచేసే డెన్నిస్ టేలర్, ఒక వింత గమనించారు. గాలికి మాసి పొర కట్టిన పాత గాజు కొత్త గాజుకన్నా ఎక్కువ కాంతిని పోనిస్తోంది. 1935లో జర్మనీలోని జెయిస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా ఆ పొరను కావాలని వేసే పద్ధతి కనిపెట్టారు. గాజు మీద మెగ్నీషియం ఫ్లోరైడ్ అనే పదార్థాన్ని శూన్యంలో ఆవిరిగా మార్చి పల్చగా పూయడం అందుకు బాగా నిలిచిన మార్గం. దాని ఇండెక్స్ 1.38.

ఈ పొర ఏం చేస్తుందో లెక్కలోనే చూడవచ్చు. ఇప్పుడు సరిహద్దులు రెండయ్యాయి. గాలి నుంచి పొరలోకి వెళ్లేచోట r విలువ −0.16, పొర నుంచి గాజులోకి వెళ్లేచోట −0.04. రెండు చోట్లా తరంగం తలకిందులవుతుంది కాబట్టి మామూలుగా అయితే రెండూ కలిసి బలపడాలి. అందుకే పొర మందాన్ని తరంగదైర్ఘ్యంలో సరిగ్గా నాలుగో వంతు ఉండేలా పూస్తారు. పచ్చ కాంతికి అది 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేల వంతు. అడుగు నుంచి మళ్లిన తరంగం ఆ దూరాన్ని పోనూ రానూ నడిచి అర తరంగం వెనకబడుతుంది. దాని శిఖరం పై తరంగపు లోయ మీద పడుతుంది. 0.16లోంచి 0.04 తీసేస్తే మిగిలేది 0.12, దాని వర్గం సుమారు 1.4 శాతం. నాలుగు శాతం కాస్తా ఒకటిన్నర లోపుకు వచ్చింది. తగ్గిన కాంతి నశించిపోదు, లోపలికి వెళ్లే వాటాలో చేరుతుంది.

మళ్లిన రెండు తరంగాల బలమూ సమానమైతే పరావర్తనం సున్నా అవుతుంది. అందుకు 1.5 గాజుపై 1.22 ఇండెక్స్ ఉన్న పొర కావాలి. అంత తక్కువ ఇండెక్స్‌తో గట్టిగా నిలిచే పదార్థం దొరకడం కష్టం. పైగా మెగ్నీషియం ఫ్లోరైడ్ గట్టిపడాలంటే గాజును సుమారు 300 డిగ్రీల దాకా వేడి చేయాలి, ప్లాస్టిక్ లెన్స్ ఆ వేడికి ఆగదు. అందుకే నేటి కళ్లద్దాలకు సిలికా, జిర్కోనియా వంటి పొరలను ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి వేస్తారు. అన్ని సరిహద్దుల తరంగాలూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా మందాలు ఎంచుకుంటారు.

ఈ ఏర్పాటుకు హద్దులున్నాయి. పొర మందం ఒక రంగుకు సరిపోతే మిగతా రంగులకు పూర్తిగా సరిపోదు. కోటింగ్ ఉన్న లెన్స్ మీద పచ్చగానో ఊదాగానో సన్నటి మెరుపు మిగిలేది అందుకే. లెన్స్‌ను ఏటవాలుగా వంచి చూస్తే ఆ రంగు మారుతుంది, ఎందుకంటే పైన వేసిన లెక్కంతా నిటారుగా పడిన కాంతికే చెల్లుతుంది. వేలిముద్ర పడితే మామూలు లెన్స్ కన్నా కోటింగ్ లెన్స్ మీదే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చర్మం మీది జిడ్డుకు ఇండెక్స్ 1.5కు దగ్గరగా ఉంటుంది. ఆ మచ్చ ఉన్నంత మేరా పై సరిహద్దు గాలికీ జిడ్డుకూ మధ్య ఏర్పడి, పాత నాలుగు శాతం తిరిగొస్తుంది.

కొత్త కళ్లద్దాలు చేతికి వచ్చాక ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూడండి. లెన్స్‌లో లైటు తెల్లగా, ప్రకాశంగా కనిపిస్తే కోటింగ్ లేనట్టే. మసకగా, రంగు తేలి కనిపిస్తే ఉన్నట్టు. వెనక్కి తిప్పి లోపలి ముఖాన్ని కూడా అలాగే చూడండి. వెనుక నుంచి వచ్చిన కాంతిని కంట్లోకి తిప్పేది ఆ ముఖమే కాబట్టి కోటింగ్ రెండు వైపులా ఉండాలి. ఇండెక్స్ 1.6, ఆపైన ఉన్న లెన్స్ కొంటుంటే షాపువాళ్లు చెప్పే కోటింగ్‌ను వద్దనకండి.