పట్టీ వెడల్పు చెప్పేది, చెప్పనిది

పదో తరగతి అయ్యాక పిల్లలు ఎటు వెళ్లారో చూపే బొమ్మ ఒకటి ఊహించుకోండి. ఎడమవైపు తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం అని రెండు నిలువు దిమ్మెలు. మధ్యలో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ. కుడివైపు ఇంజినీరింగ్, వైద్య కోర్సులు, డిగ్రీ, చదువు ఆపినవాళ్లు. ఒక్కో దిమ్మె నుంచి తర్వాతి దిమ్మెలకు కొన్ని సన్నని, కొన్ని వెడల్పాటి పట్టీలు సాగుతుంటాయి. దీన్నే శాంకీ డయాగ్రమ్ అంటారు. 1898లో ఐర్లాండ్‌కు చెందిన ఇంజినీర్ కెప్టెన్ శాంకీ, ఆవిరి యంత్రంలో ఎంత శక్తి పనికొస్తోందో, ఎంత వృథా అవుతోందో ఇలాంటి బొమ్మతో చూపాడు. ఆయన పేరే దానికి స్థిరపడింది.

ఇందులో పట్టీ వెడల్పే సంఖ్య. పట్టీ ఎంత వంపు తిరిగినా, పైన ఉన్నా కింద ఉన్నా లెక్క మారదు.

ఉదాహరణకు 160 మందిని తీసుకుందాం. ఎంపీసీలో 80, బైపీసీలో 40, సీఈసీలో 40 మంది చేరారనుకోండి. రెండేళ్ల తర్వాత ఇంజినీరింగ్‌లో 56, వైద్య కోర్సుల్లో 18, డిగ్రీలో 70 మంది ఉన్నారు. 16 మంది చదువు ఆపేశారు. కూడితే మళ్లీ 160. ముందుగా చూడాల్సింది ఈ కూడికే. చదువు ఆపినవాళ్ల దిమ్మెను గీయకుండా వదిలేస్తే కుడివైపు 144 మందే మిగులుతారు. బొమ్మ చక్కగానే కనిపిస్తుంది కానీ, మనం ఎక్కువగా పట్టించుకోవాల్సిన పిల్లలే అందులో ఉండరు.

ఇప్పుడు డిగ్రీ వైపు వెళ్లే పట్టీలు చూడండి. ఎంపీసీ నుంచి 20 మంది, బైపీసీ నుంచి 20 మంది వచ్చారు. రెండు పట్టీల వెడల్పూ ఒక్కటే. కానీ ఎంపీసీలో అది నాలుగో వంతు, బైపీసీలో సగం. అందుకే పట్టీని పక్క పట్టీతో పోల్చి ఊరుకోకూడదు, అది బయల్దేరిన దిమ్మె ఎత్తుతోనూ పోల్చాలి.

అసలు చిక్కు మధ్య దిమ్మె దగ్గర ఉంది. ఎంపీసీలోకి తెలుగు మీడియం నుంచి 20, ఇంగ్లిష్ మీడియం నుంచి 60 మంది వచ్చారు. అక్కణ్నుంచి 56 మంది ఇంజినీరింగ్‌కు వెళ్లారు. వాళ్లలో తెలుగు మీడియం పిల్లలెందరు? మధ్య దిమ్మెలో అందరూ కలిసిపోయారు కాబట్టి ఈ బొమ్మ ఆ జవాబు చెప్పలేదు. ఒక్కరూ లేకపోవచ్చు, 20 మందీ ఉండవచ్చు. రెండింటికీ బొమ్మ ఒకేలా ఉంటుంది. ఎడమ నుంచి కుడికి చూపు సాగించి, తెలుగు మీడియం పిల్లలు ఫలానా చోటికి చేరారని తేల్చేయడం చాలామంది చేసే పొరపాటు.

మొదటి మీడియాన్ని బట్టి పట్టీలను విడదీసి, ఆ రంగును చివరిదాకా కొనసాగిస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. అలా గీయని బొమ్మను చూపి మీడియం గురించి ఎవరైనా తీర్పు చెబితే, విడి లెక్కలు చూపమని అడగండి.