విందు వికటిస్తే

రాత్రి తొమ్మిదింటికి రిసెప్షన్ భోజనం. అందరూ బాగానే తిన్నారు, బాగానే పడుకున్నారు. తెల్లవారుజామున అయిదింటి నుంచి విడిదింట్లో ఒకరి తర్వాత ఒకరు లేచి బాత్రూమ్ ముందు నిలబడ్డారు. పొట్టలో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు. జ్వరం ఎవరికీ లేదు, వాంతులు ఒకరిద్దరికే. పెళ్లిళ్ల సీజన్‌లో తరచూ వినే కథే ఇది. ఇలాంటప్పుడు భోజనానికీ బాధకూ మధ్య ఎన్ని గంటలు గడిచాయో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

తిన్న ఎనిమిది నుంచి పదహారు గంటల్లో, జ్వరం లేకుండా, నొప్పితో విరేచనాలు మొదలైతే మొదటి అనుమానం క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా మీదకు పోతుంది. దీనికి పెద్ద పాత్రలో వండిన మాంసం కూర అంటే మహా ఇష్టం. మధ్యాహ్నం ఒంటిగంటకు గుండిగ నిండా మటన్ వండి, మూత పెట్టి, రాత్రి ఎనిమిదింటికి కాస్త వేడి చేసి వడ్డించారనుకుందాం. ఉడికేటప్పుడు మామూలు క్రిములు చచ్చిపోతాయి కానీ దీని గింజల్లాంటి స్పోర్లు బతికే ఉంటాయి. గుండిగ పైన చల్లారినా నడిమధ్యన కూర గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఆ వేడిలో స్పోర్లు మేల్కొని, పది నిమిషాలకోసారి రెట్టింపయ్యేంత వేగంగా పెరుగుతాయి. వడ్డించే ముందు కూర అడుగు నుంచి పైదాకా తుకతుకలాడేలా మరిగి ఉంటే అవి చచ్చేవి. పైపైన వెచ్చబెట్టడంతో అలాగే పొట్టలోకి వెళ్లి అక్కడ విషం వదిలాయి.

అదే బాధ తిన్న రెండు మూడు గంటల్లోనే, భళ్లున వాంతులతో మొదలైతే కథ వేరు. అప్పుడు విషం వంటకంలోనే తయారై ఉందన్నమాట. వేలికి పుండున్న మనిషి చేత్తో కలిపిన స్వీటు, రాత్రంతా బయట ఉన్న అన్నంతో చేసిన ఫ్రైడ్ రైస్ ఇలాంటి పని చేస్తాయి. ఈ విషాలు మళ్లీ వేడి చేసినా పోవు. ఒకరోజు గడిచాక జ్వరంతో విరేచనాలొస్తే సాల్మొనెల్లా వంటివి గుర్తుకు రావాలి. అయితే గంటల లెక్క దారి చూపిస్తుందంతే, రుజువు ల్యాబ్‌లోనే దొరుకుతుంది.

క్రిమి ఏదైనా ఇంట్లో మొదటి కొన్ని గంటలు చేయాల్సిన పని ఒక్కటే. ఒంట్లోంచి పోతున్న నీటినీ ఉప్పునీ పోయినంత తిరిగి అందించాలి. దానికి ఓఆర్‌ఎస్‌ను మించింది లేదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది కలిపే దగ్గరే. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో ఒకేసారి మొత్తం పోసి కలపాలి. చాలామంది గ్లాసు నీళ్లలో ప్యాకెట్ అంతా పోసేస్తారు. అది పసిపిల్లలకు ప్రమాదకరమైనంత ఉప్పు. మరికొందరు నాలుగు చెంచాల పొడి వేసి మిగతాది దాచిపెడతారు. అందులో సరిపడా ఉప్పు ఉండదు. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి కాబట్టి కలిపే ముందు ప్యాకెట్ మీద కొలత చదవాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో అంచుకు సమంగా కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపితే సరిపోతుంది.

అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపడని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనుక ఉంది. చక్కెర మరీ ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ పళ్లరసాలు వద్దనేది అందుకే.

"తాగించిందల్లా కక్కేస్తున్నాడండీ" అని పిల్లల తల్లులు వాపోతుంటారు. గ్లాసు నోటికి పెడితే అంతే జరుగుతుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, చిన్న చెంచాతో నిమిషానికి ఒక చెంచా చొప్పున పట్టాలి. చెంచాకు 5 మిల్లీలీటర్లనుకుంటే గంటలో 300 లోపలికి వెళ్తాయి. ఓపిగ్గా పక్కన కూర్చుని పట్టేవాళ్లుంటే చాలామంది పిల్లలకు సెలైన్ అవసరమే రాదు. వాంతులు తగ్గాక, విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100, పదేళ్లలోపు వాళ్లకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. పెద్దవాళ్లు ఒక గ్లాసు, దాహాన్ని బట్టి ఇంకా ఎక్కువ తాగొచ్చు. తల్లిపాలు ఆపకూడదు.

ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం అసలు వద్దు. విరేచనాలు ఆపే మాత్ర పిల్లలకు ఇవ్వకూడదు. జ్వరం, రక్తం ఉంటే పెద్దవాళ్లూ వేసుకోకూడదు. యాంటీబయాటిక్ సొంతంగా కొనడం వల్ల విషంతో వచ్చిన బాధకు ఒరిగేదేమీ లేదు. తాతగారు బీపీకి నీరు లాగే మాత్ర గానీ షుగర్ మాత్ర గానీ వాడుతుంటే, ఆ పూట వేసుకోవాలా వద్దా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి.

ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, పిల్లవాడు ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఇంట్లో కూర్చోకూడదు. విరేచనంలో రక్తం, 102 డిగ్రీలు దాటిన జ్వరం, మగతగా ఉండటం, చుక్క నీరు కూడా నిలవకపోవడం కూడా ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలే. మనిషి లేవలేని స్థితిలో ఉంటే 108కి ఫోన్ చేయాలి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధుల విషయంలో ఇంతదాకా ఆగకుండా ముందే చూపించాలి.

వాంతులు తగ్గి ఆకలి వేసిందంటే అన్నం పెట్టవచ్చు. విరేచనాలు కట్టేదాకా లంఖణం చేయించాలనే పాత అలవాటు వల్ల నీరసం పెరుగుతుంది, పేగు కోలుకోవడమూ ఆలస్యమవుతుంది. మొదటి పూట ఉప్పేసిన గంజి, తర్వాత మెత్తగా ఉడికిన అన్నంలో పెసరకట్టు, వేడి ఇడ్లీ, అరటిపండు. కొంచెం కొంచెంగా, రెండు మూడు గంటలకోసారి పెట్టాలి. పలుచటి మజ్జిగ, పెరుగన్నం పడతాయి కానీ పాలు కొందరికి పడవు. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ పేగు దెబ్బతిన్నప్పుడు కొన్నాళ్లు తగ్గిపోతుంది. పాలు తాగాక పొట్ట ఉబ్బి మళ్లీ పల్చగా అయితే వారం పాటు ఆపి చూడాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది కానీ సోడియం తక్కువ. కాబట్టి వాటిని ఓఆర్‌ఎస్‌తో పాటు ఇవ్వొచ్చు, దాని బదులు మాత్రం కాదు. ఆవకాయ, వేపుళ్లు, మాంసం, కాఫీ రెండు మూడు రోజులు పక్కన పెట్టాలి. పెర్‌ఫ్రింజెన్స్ బాధ సాధారణంగా ఒక రోజులోనే సర్దుకుంటుంది. మూడు రోజులైనా తగ్గకపోతే కారణం వేరే ఉందని డాక్టరును కలవాలి.

ఇంతమందికి ఒకేసారి వచ్చినప్పుడు పెళ్లివారు పరువుకు భయపడి మిగిలిన కూర పారబోస్తుంటారు. దాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు చేయాలి. అధికారులు బాగున్నవాళ్లనూ ప్రశ్నిస్తారు. మటన్ ముట్టని శాకాహారులందరూ హాయిగా ఉంటే అనుమానం దాని మీదే నిలుస్తుంది. ఇక వంట చేసే మనిషికే విరేచనాలైతే, అవి పూర్తిగా తగ్గాక కూడా 48 గంటలు వంటింటికి దూరంగా ఉండాలి.