స్పిన్ కొలతల్లో సంభావ్యతల లెక్క

ఎలక్ట్రాన్ స్పిన్‌ను ఏ దిశలో కొలిచినా రెండే ఫలితాలు వస్తాయి: +ħ/2 లేదా −ħ/2. ఇక్కడ ħ అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో భాగిస్తే వచ్చేది. 1922లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అసమ అయస్కాంత క్షేత్రం గుండా పంపినప్పుడు అది రెండుగా చీలింది. వెండి పరమాణువు బయటి కక్ష్యలో ఉండే ఒంటరి ఎలక్ట్రాన్ స్పిన్ వల్లే ఈ చీలిక వచ్చిందని ఆ తర్వాత తేలింది. ఏ ఫలితం ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టడానికి వోల్ఫ్‌గాంగ్ పౌలీ 1927లో ప్రవేశపెట్టిన మూడు మాత్రికలు చాలు.

```
σx = | 0  1 |    σy = | 0  −i |    σz = | 1   0 |
     | 1  0 |         | i   0 |         | 0  −1 |
```

x, y, z దిశల్లో ఒక్కోదానికి ఒక్కో మాత్రిక. దాన్ని ħ/2తో గుణిస్తే ఆ దిశలోని స్పిన్ వస్తుంది. ఎలక్ట్రాన్ స్థితిని రెండు సంకీర్ణ సంఖ్యలున్న నిలువు సదిశగా రాస్తారు. పై సంఖ్య z దిశలో ‘పైకి’, కింది సంఖ్య ‘కిందికి’ అనే ఫలితాలకు చెందుతాయి. ఉదాహరణకు ఒక ఎలక్ట్రాన్ స్థితి ఇలా ఉందనుకుందాం:

ψ = (3/5, 4i/5)

z దిశలో కొలిచేటప్పుడు లెక్క సులువు. ఒక్కో సంఖ్య పరిమాణాన్ని వర్గం చేస్తే చాలు. పైకి వచ్చే సంభావ్యత 9/25, కిందికి వచ్చేది 16/25. రెండూ కలిస్తే 1.

అదే ఎలక్ట్రాన్‌ను y దిశలో కొలవాలంటే ముందు σy ఐగెన్ సదిశలు కావాలి. ఒక మాత్రికతో గుణించినా దిశ మారకుండా ఒక సంఖ్య రెట్లు మాత్రమే అయ్యే సదిశ ఆ మాత్రికకు ఐగెన్ సదిశ. ఆ సంఖ్య ఐగెన్ విలువ. σy నుంచి λ రెట్లు ఏకాంక మాత్రికను తీసేసి, మిగిలినదాని నిర్ధారకాన్ని సున్నాకు సమానం చేస్తే λ² − 1 = 0 అని వస్తుంది. అంటే λ = +1 లేదా −1. కొలతలో వచ్చే రెండు ఫలితాలు ఇవే.

λ = +1 తీసుకుని, సదిశను (a, b) అనుకుంటే మొదటి వరుస −ib = a అని చెబుతుంది. దాన్నుంచి b = ia. a = 1 అనుకుంటే సదిశ (1, i). దీని పొడవును 1కి తేవాలి. ఇక్కడే మొదటి పొరపాటుకు అవకాశం ఉంది. సంఖ్యలను నేరుగా వర్గం చేసి కూడితే 1 + i² = 0 వస్తుంది. సున్నా కాని సదిశకు సున్నా పొడవు ఉండదు కనుక లెక్క తప్పిందని వెంటనే తెలిసిపోతుంది. పరిమాణాలను వర్గం చేసి కూడాలి: 1 + 1 = 2. కాబట్టి సదిశను √2తో భాగించాలి. ఇదే పద్ధతిలో λ = −1కి (1, −i)/√2 వస్తుంది.

ఇప్పుడు సంభావ్యత. ఐగెన్ సదిశలోని సంఖ్యలకు సంయుగ్మాలు తీసుకుని, అంటే i గుర్తు మార్చి, ψతో అంతర లబ్ధం కట్టి, వచ్చినదాని పరిమాణాన్ని వర్గం చేయాలి. +1 ఫలితానికి:

(1·3/5 + (−i)·4i/5)/√2 = (3/5 + 4/5)/√2 = 7/(5√2)

దీని వర్గం 49/50. మరో ఫలితానికి మిగిలింది 1/50. z దిశలో ఏది వస్తుందో గట్టిగా చెప్పలేని ఎలక్ట్రాన్, y దిశలో దాదాపు ఎప్పుడూ +1 వైపే ఉంటుందన్నమాట.

సంయుగ్మం మరచిపోతే ఈ రెండు సంభావ్యతలు తారుమారవుతాయి. అప్పుడు కూడా మొత్తం 1 కావడంతో తప్పు బయటపడదు. దాన్ని పట్టుకోవాలంటే సగటును రెండు దారుల్లో లెక్కించి పోల్చాలి. సంభావ్యతల నుంచి సగటు 49/50 − 1/50 = 24/25. నేరుగా చేస్తే, σyతో ψను గుణించగా (4/5, 3i/5) వస్తుంది. దానికి ψ సంయుగ్మంతో, అంటే (3/5, −4i/5)తో లబ్ధం కడితే 12/25 + 12/25 = 24/25. రెండూ సరిపోయాయి. సంభావ్యతలు తారుమారై ఉంటే మొదటి దారిలో −24/25 వచ్చేది.

కొలిచాక స్థితి మునుపటిలా ఉండదు. y దిశలో +1 వచ్చిన ఎలక్ట్రాన్ ఇప్పుడు (1, i)/√2 స్థితిలో ఉంటుంది. వెంటనే మళ్లీ y దిశలోనే కొలిస్తే తప్పకుండా +1 వస్తుంది. z దిశలో కొలిస్తే మాత్రం చెరి సగం అవకాశం. మొదట ఉన్న 9/25, 16/25 ఇక ఉండవు. అందుకే ఒకే ఎలక్ట్రాన్‌ను పదేపదే కొలిచి ఈ సంభావ్యతలను సరిచూడలేం. ఒకే స్థితిలో తయారుచేసిన ఎన్నో ఎలక్ట్రాన్లను తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కసారే కొలిచి, ఏ ఫలితం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి.